40×60 సైటు, మూడు బోర్లు, రెండు రకాల నేల

బెంగళూరులో ఒక చిన్న సాయిల్ ఇన్వెస్టిగేషన్ ఆఫీసులో పని చేస్తున్నాను. ఈ డైరీ సర్జాపుర రోడ్డు వైపు ఒక 40×60 సైటు గురించి. ఓనరు మదనపల్లె దగ్గర హైస్కూల్లో పనిచేసి రిటైరైన టీచరు. కొడుకూ కోడలూ ఇక్కడే ఐటీలో ఉన్నారు కాబట్టి కింద పార్కింగ్, పైన మూడు అంతస్తులు కట్టుకొని అందరూ ఒక్కచోట ఉందామని ఆయన ఆలోచన. పన్నెండు కాలమ్స్, అడ్డంగా మూడు, పొడవునా నాలుగు వరసలు, మధ్యలో సుమారు నాలుగేసి మీటర్ల దూరం.

సైటు చూసిన రోజు

సార్ మొదట అడిగిన మాట, "అమ్మా, ఎన్ని అడుగుల్లో నీళ్లు పడతాయి?" బోర్ అనగానే అందరికీ బోర్‌వెల్లే గుర్తొస్తుంది, తప్పేమీ లేదు. మేం వేసేది నీళ్ల కోసం కాదనీ, ఇంటి బరువు ఏ లోతులో ఏ మట్టి మీద పడుతుందో చూడ్డానికనీ చెప్పాను. పక్కనే ఉన్న మేస్త్రి మాత్రం టెస్టే దండగ అన్నాడు. రోడ్డు వైపు ఆయన ఒక గుంత తవ్వించి పెట్టాడు, ఐదడుగుల్లోనే గట్టి ఎర్రమట్టి కనిపిస్తోంది, గడ్డపార వేస్తే టంగుమంటోంది. "ఇంతకంటే గట్టి నేల ఎక్కడుంది మేడమ్?"

గుంత నిజమే చెబుతోంది, కానీ తాను ఉన్న చోటు గురించే చెబుతోంది. సైటు వెనక వైపు పల్లంగా ఉంది, పైన గడ్డి ఏపుగా పెరిగింది, కాంపౌండ్ గోడలో ఒకచోట మెట్లుమెట్లుగా పగులు ఉంది. కర్ణాటక ప్రభుత్వ భూముల మ్యాప్ యాప్ దిశాంక్‌లో సర్వే నంబరు వేసి చూస్తే వెనక హద్దుకు దగ్గర్లో పాత కాలువ గీత ఒకటి పోతోంది. ఎదురు వీధిలో ఆవులు పెట్టుకున్న పెద్దాయనను అడిగితే, అటువైపంతా ఒకప్పుడు చెరువు కింద వరిమడులనీ, లేఅవుట్ వేసినప్పుడు లారీలతో మట్టి తోలి మెరక చేశారనీ చెప్పాడు. బెంగళూరులో ఇది కొత్త కథ కాదు. మెజెస్టిక్ బస్‌స్టాండ్ ధర్మాంబుధి చెరువులో ఉంది, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువులో ఉంది. పూడ్చిన చోట కట్టకూడదని కాదు, కింద ఏముందో తెలుసుకొని కట్టాలి.

సార్ బడ్జెట్ రెండు బోర్లకే అనుకున్నారు. మూడోది వెనక కుడి మూలన వేయాల్సిందేనని పట్టుబట్టాను. రెండిటితో సరిపెట్టమంటే ముందుది ఒకటి మానేద్దాం, మూలది మాత్రం మానేది లేదన్నాను. చివరికి మూడూ ఒప్పుకున్నారు.

డ్రిల్లింగ్, మూడు రోజులు

పద్ధతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. 15 సెంటీమీటర్ల వెడల్పు రంధ్రం వేస్తూ ప్రతి మీటరున్నరకూ ఆగి, ఒక ఉక్కు గొట్టాన్ని అడుగున పెట్టి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దాని మీద వదులుతాం. గొట్టం 45 సెంటీమీటర్లు దిగాలి. మొదటి 15కి పడిన దెబ్బలు లెక్కలోకి రావు, ఎందుకంటే అడుగున కదిలిపోయిన మట్టి ఉంటుంది. తర్వాతి 30కి పడిన దెబ్బలే ఎన్ విలువ. పది లోపు ఉంటే మెత్తన, ముప్పై దాటితే బాగా గట్టి, 50 దెబ్బలకు 15 సెంటీమీటర్లు కూడా దిగకపోతే రెఫ్యూజల్ అని రాస్తాం. గొట్టంలో ఆ లోతు మట్టి కూడా పైకొస్తుంది, దాన్ని చేత్తో నలిపి చూడొచ్చు.

దెబ్బలు లెక్కపెట్టడం తేలికే. ఎత్తు నిలబెట్టడం కష్టం. సాయంత్రానికి కూలీలు అలసిపోతారు, సుత్తి 60కే వదులుతారు, అప్పుడు దెబ్బలు ఎక్కువ పడతాయి, మెత్తటి నేల కాగితం మీద గట్టి నేల అయిపోతుంది. అందుకే రాడ్ మీద 75 దగ్గర ఎర్ర పెయింట్ గీత పెట్టించి నేను పక్కనే కూర్చుంటాను. రిపోర్టులో మిగతావన్నీ తర్వాత సరిచేసుకోవచ్చు, ఇక్కడ తప్పితే సరిచేసే దారి లేదు.

మొదటి బోరు, రోడ్డు వైపు. పైన అర మీటరు తోలిన మట్టి, ఆ కింద ఎర్రటి ఇసుక కలిసిన బంకమన్ను. 1.5 మీటర్ల దగ్గర ఎన్ 14, 3 దగ్గర 19, 4.5 దగ్గర 34. అక్కడి నుంచి పసుపు, తెలుపు కలిసిన మొరం, అంటే పాడైపోయిన గట్టు రాయి. ఈ నగరం కింద ఉన్న నైస్ రాయి పైభాగం ఎండకూ వానకూ లక్షల ఏళ్లుగా కుళ్లి ఇలా అవుతుంది. 7.5 మీటర్లకు రెఫ్యూజల్. రెండో బోరు మధ్యలో, పైన మీటరున్నర ఫిల్లింగ్ తప్ప కింద దాదాపు అదే వరస.

మూడో బోరు పూర్తిగా వేరే. 1.5 మీటర్ల దగ్గర ఎన్ 19 వచ్చింది. డ్రిల్లర్ అన్న సంతోషంగా, "ఇక్కడా గట్టే మేడమ్" అన్నాడు. గొట్టం విప్పి చూస్తే లోపల మట్టి లేదు, ఇటుక ముక్క, సిమెంటు పెళ్ల, నలిగిపోయిన ప్లాస్టిక్ కవరు. సుత్తి కొట్టింది పాత గోడ ముక్కను. దాన్ని 19 అని అలాగే రిపోర్టులో పెడితే చదివేవాడు మంచి నేల అనుకుంటాడు. లాగ్ షీట్‌లో ఆ అంకె పక్కనే "శిథిలం, నమ్మకూడదు" అని రాశాను. 3 మీటర్ల దగ్గర 4. 3.2 నుంచి 5.1 దాకా నల్లటి బంక, పాత వరి వేళ్లు ఇంకా కనిపిస్తున్నాయి, వాసన కూడా మడి వాసనే. 4.5 దగ్గర ఎన్ 3. ఆవుల పెద్దాయన మాట అక్షరాలా నిజం. ఆ కింద 6 మీటర్లకు 21, 7.5కి 38, 9కి రెఫ్యూజల్.

నీళ్లు ఎంతలో ఉన్నాయో డ్రిల్లింగ్ అయిన వెంటనే కొలిస్తే తప్పు వస్తుంది, మేం పోసిన నీళ్లే కనిపిస్తాయి. 24 గంటలు ఆగి కొలిస్తే మూడో బోరులో 2.8 మీటర్లు, మొదటి దాంట్లో 5.9.

ల్యాబ్, లెక్క

నల్లబంకను కదలకుండా సన్నని గొట్టంలో తీసి మైనం సీలు వేసి తెచ్చాం. 100 గ్రాముల పొడి మట్టికి 41 గ్రాముల నీళ్లున్నాయి. నొక్కుడు పరీక్షలో బరువు పెంచేకొద్దీ నీళ్లు మెల్లగా బయటికి పోయి మందం తగ్గుతూ వచ్చింది. ఇంటి కింద జరగబోయేది కూడా ఇదే.

వెనక మూల కాలమ్ బరువు సుమారు 50 టన్నులు అనుకొని, మేస్త్రి చెప్పినట్టు మీటరున్నర లోతులో 2.2 మీటర్ల చదరపు ఫుటింగ్, అంటే కాలమ్ కింద వెడల్పాటి కాంక్రీటు పాదం, వేస్తే ఏమవుతుందో చూశాను. బరువు కిందికి పోయేకొద్దీ విస్తరించి, బంక మధ్యకు చేరేసరికి చదరపు మీటరుకు రెండు టన్నుల పైచిలుకు మిగులుతుంది. వినడానికి చిన్నదే, కానీ ఆ లోతులో మట్టి ఇప్పటికే మోస్తున్నది దాదాపు ఆరు టన్నులే. మూడో వంతు కొత్త బరువు పడితే 1.9 మీటర్ల బంక సుమారు 46 మిల్లీమీటర్లు కుంగుతుంది. రోడ్డు వైపు ఎర్రమట్టి మీద ఉన్న కాలమ్ కుంగేది 12 మిల్లీమీటర్ల లోపే.

ఇల్లు మొత్తం ఒకేలా 46 కుంగితే గేటు దగ్గర ఒక మెట్టు తేడా వస్తుంది, అంతే. సమస్య తేడాలో ఉంది. పునాదులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 1904 ప్రకారం ఆర్‌సీసీ ఫ్రేముకు విడివిడి ఫుటింగ్‌ల మధ్య తేడా, కాలమ్స్ దూరంలో 0.0015 వంతు దాటకూడదు. నాలుగు మీటర్లకు అది 6 మిల్లీమీటర్లు. మనకు వస్తున్న తేడా 34. రెండు వరసల మీద పంచుకున్నా 12కే అనుమతి. పైగా ఇది కట్టేటప్పుడు కనిపించదు. బంకలోంచి నీళ్లు పోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, అంటే గృహప్రవేశం అయి, పెయింటు ఆరి, అందరూ స్థిరపడ్డాక కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు మొదలవుతాయి.

సార్ ఇంట్లో కాఫీ

డ్రాఫ్ట్ పట్టుకొని వెళ్లాను. సార్ అడిగింది, "ఇవన్నీ నాకెందుకమ్మా, ఎస్‌బీసీ ఒక నంబరు చెప్పు, స్ట్రక్చరల్ ఇంజనీరు అదే అడుగుతున్నాడు." ఎస్‌బీసీ అంటే నేల చదరపు మీటరుకు భద్రంగా మోయగల బరువు. చాలా రిపోర్టులు ఇక్కడే దారి తప్పుతాయి. మూడు బోర్ల ఎన్ విలువలు కూడి సగటు తీసి, "15 టన్నులు" అని ఒక్క అంకె ఇచ్చేస్తారు. ఆ 15 ముందు వైపు నిజంగానే సరైనది, వెనక వైపు దానికి అర్థమే లేదు.

నేను కాగితం మీద సైటు పక్క నుంచి కనిపించేలా గీశాను. ఎడమవైపు ఎర్రగా, కుడివైపు నల్లగా, పైన ఇల్లు. అమ్మగారు కాఫీ గ్లాసు పెడుతూ చూసి, "అంటే ఒక కాలు బండ మీద, ఒక కాలు బురదలో పెట్టి నిలబడినట్టు కదమ్మా" అన్నారు. నాలుగు పేజీల్లో నేను రాసింది అదే. ఆమె అనుమతి అడిగి ఆ వాక్యాన్నే రిపోర్టు మొదటి పేజీలో పెట్టాను.

మేస్త్రి కూడా వచ్చాడు, రాఫ్ట్ వేసేద్దాం అన్నాడు. ఇల్లంతా ఒకే పలక మీద కూర్చుంటే తేడా ఎక్కడ వస్తుందని అతని వాదన, వినడానికి బాగుంది, చాలామంది ఇంజనీర్లూ ఇదే అంటారు. కానీ ఇక్కడ పని చేయదు. విడి ఫుటింగ్ చిన్నది కాబట్టి దాని ఒత్తిడి కొద్ది లోతులోనే పలచబడుతుంది. రాఫ్ట్ వెడల్పు పది మీటర్లు, దాని ఒత్తిడి ఐదు మీటర్ల లోతులో కూడా పెద్దగా తగ్గదు. పైన చదరపు మీటరుకు ఐదు టన్నులు పెడితే బంక దగ్గర మూడున్నర నుంచి నాలుగున్నర మిగులుతుంది. అదే లెక్క మళ్లీ వేస్తే వెనక వైపు 70 నుంచి 85 మిల్లీమీటర్ల కుంగుదల, ఫుటింగ్‌ల కంటే ఎక్కువ. పలక గట్టిదైతే పగలకపోవచ్చు, ఇల్లు మాత్రం వెనక్కి ఒరుగుతుంది. ఇలా మందం మారే బంక ఉన్నచోట రాఫ్ట్ మందు కాదు.

బంక అంతా తీసేసి గట్టి నేల నుంచి కాంక్రీటు నింపుకు రావచ్చు కదా అని సార్ అడిగారు. మంచి ప్రశ్న. లోతు తక్కువైతే నేనే అది చెప్పేదాన్ని. ఇక్కడ 5.3 మీటర్లు తవ్వాలి, 2.8 దగ్గరే నీళ్లు, మీటరు దూరంలో పక్కింటి గోడ, ఆ గోడ కూడా అదే ఫిల్లింగ్ మీద ఉంది. నీళ్లు తోడితే వాళ్ల ఇల్లు కదులుతుంది.

పెద్ద సార్ తిప్పి పంపిన డ్రాఫ్ట్

నేను మొదట రాసింది ఇది: ముందు రెండు వరసలకు ఫుటింగ్స్, వెనక రెండు వరసలకు పైల్స్, అంటే కింది గట్టి నేల దాకా దించే కాంక్రీటు స్తంభాలు. ఖర్చు తగ్గుతుంది. ఫుటింగ్స్‌ను కొంచెం లోతుకు దించి ఒత్తిడి 15 బదులు 12 టన్నులకే పరిమితం చేస్తే కుంగుదల 9 మిల్లీమీటర్లు, పైల్స్ 4 కుంగుతాయి, తేడా 5, అనుమతి 6. బంక అంచు ఎక్కడుందో తెలుసుకోవడానికి మధ్యలో రెండు చోట్ల డైనమిక్ కోన్ టెస్ట్ కూడా చేయించాను, అంటే రంధ్రం లేకుండా ఒక కోనును కొట్టుకుంటూ పోవడమే. మూడో వరస కుడివైపు మెత్తన తగిలింది, ఎడమవైపు తగల్లేదు.

మా ఆఫీసులో పెద్ద సార్ ఎర్ర పెన్నుతో ఒక్క ప్రశ్న రాశారు: "నీ దగ్గర మిగులు ఒక్క మిల్లీమీటరు. కుంగుదల లెక్క అంత ఖచ్చితంగా వేయగలవా?" వేయలేను. ఎవరూ వేయలేరు. ఈ లెక్కల్లో ముప్పై, నలభై శాతం అటూ ఇటూ రావడం మామూలే. 9 కాస్తా 12 అయితే రెండో వరసకీ మూడో వరసకీ మధ్య పగులు ఖాయం. రెండు రాత్రులు ఎదురు వాదన వెతికి చూశాను, దొరకలేదు.

చివరికి పన్నెండు కాలమ్స్‌కూ పైల్సే. 450 మిల్లీమీటర్ల వ్యాసం, ముందు వైపు సుమారు 8 మీటర్లు, వెనక 9.5, అన్నిటి కాలూ రెఫ్యూజల్ వచ్చిన అదే మొరం మీద. ముందు వైపు ఒక్కో పైలు 40 టన్నులు. వెనక 31 మాత్రమే, దీని కారణం సార్‌కు చెప్పడానికి కాస్త టైమ్ పట్టింది. వెనక పల్లాన్ని రోడ్డు మట్టానికి తేవాలని ఆయన ఇంకో రెండడుగుల మట్టి పోయిస్తారు. ఆ కొత్త బరువుకు బంక కుంగుతుంది, కుంగేటప్పుడు పైలు చుట్టూ ఉన్న మట్టి పైలును పట్టుకొని కిందికి వేలాడుతుంది. అంటే మోయాల్సిన మట్టే బరువై కూర్చుంటుంది. ఆ లాగుడు సుమారు 9 టన్నులు, దాన్ని ముందే తీసేశాను. అందువల్ల మూడో వరస మధ్య కాలమ్‌కు, దాని బరువు 75 టన్నుల పైన, మూడు పైల్స్, మిగతా వాటికి రెండేసి, మొత్తం 25.

క్లయింటుకు ఇచ్చిన పేజీ

పూర్తి రిపోర్టు 38 పేజీలు, అది స్ట్రక్చరల్ ఇంజనీరుకు. సార్‌కు విడిగా ఒక పేజీ తెలుగులో రాసిచ్చాను. అందులోంచి కొంత:

"మీ సైటు ముందు భాగంలో మంచి ఎర్రమట్టి ఉంది, వెనక భాగంలో మూడు మీటర్ల తోలిన మట్టి, దాని కింద రెండు మీటర్ల మెత్తని మడి బంక ఉన్నాయి. ఒక కాలు బండ మీద, ఒక కాలు బురదలో పెట్టి నిలబడినట్టు. అందుకే ఇంటి బరువును ఆ రెండిటినీ దాటించి కింది గట్టి మొరానికి దించాలి. పార్కింగ్ గచ్చును వెనక వైపు మట్టి మీద పరచొద్దు, బీమ్‌ల మీద స్లాబుగా వేయించండి, లేకపోతే ఇల్లు నిలుస్తుంది, గచ్చు కుంగుతుంది. సంపు, కాంపౌండ్ గోడ, మెట్లు ఇంటికి కలపొద్దు, మధ్యలో సందు వదలండి, పైపులకు ఆ సందు దగ్గర వంగే జాయింటు పెట్టించండి. మేం చూసింది మూడు రంధ్రాలు, రెండు కోన్లు. వాటి మధ్య నేల వేరేగా కనిపిస్తే పని ఆపి మాకు ఫోన్ చేయాలి."

ఆఖరి వాక్యం తీసేయమని మా ఆఫీసులో ఒకరన్నారు, క్లయింటుకు టెన్షన్ పెరుగుతుందని. నేను ఉంచాను. మొత్తం పేజీలో అవసరానికి ఆయన చేతికి పనికొచ్చేది అదే.

ఖర్చు విని సార్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పైన ఒక అంతస్తు తర్వాత కట్టుకుంటే పైల్స్ తగ్గుతాయా?" అన్నారు. తర్వాత కట్టేదైనా పునాది ఇప్పుడే దానికి సరిపడా వేయాలి, మధ్యలో పెంచడం కుదరదన్నాను. రెండు రోజుల తర్వాత కొడుకు ఫోన్ చేసి, ముందు పైల్స్, ఇంటీరియర్ తర్వాత చూసుకుంటామన్నాడు.

పైలింగ్ మొదటి వారం

సన్న సైటు కాబట్టి పెద్ద రిగ్ రాదు, ట్రైపాడ్, వించ్, ఉలితో కొట్టి బకెట్‌తో మట్టి తీసే పద్ధతే. కాంట్రాక్టరుకు రెండు విషయాలు మాత్రం వదిలేది లేదని చెప్పాను. వెనక వైపు 5.5 మీటర్ల దాకా రంధ్రం లోపల ఉక్కు గొట్టం, అంటే లైనరు, ఉండాలి, లేకపోతే మెత్తటి బంక లోపలికి నొక్కుకొచ్చి పైలు నడుము సన్నబడుతుంది. ప్రతి పైలుకూ పోసిన కాంక్రీటు కొలిచి రాయాలి. వెనక పైలుకు లెక్క ప్రకారం ఒకటిన్నర ఘనపు మీటర్లు పడుతుంది, కొద్దిగా ఎక్కువ పడితే మామూలే, తక్కువ పడితే లోపల ఎక్కడో మట్టి చొరబడిందని అర్థం.

మొదటిది వెనక మూల పైలే వేయించాను. 3.4 దగ్గర నల్లబంక మొదలైంది, 5.3కి అయిపోయింది, బోరులో చూసినదానికి ఒక జానెడు తేడా. 9.1 దగ్గర ఉలి ఎగిరి పడడం మొదలైంది, అరగంట కొడితే పది సెంటీమీటర్లు కూడా దిగలేదు. బకెట్‌లో వచ్చిన తెల్లటి పలుకురాళ్లను మూడో బోరు డబ్బాలో దాచిన ముక్కల పక్కన పెట్టి చూశాం, ఒకటే. ఇంకో 40 సెంటీమీటర్లు కొట్టించి 9.5 దగ్గర ఆపాం. కాంక్రీటు 1.65 పట్టింది. సార్ ఆ రాళ్లలో ఒకటి జేబులో వేసుకున్నారు.

ఐదో పైలు మూడో వరస ఎడమవైపు, కోన్ టెస్ట్‌లో మెత్తన తగలని చోటు. అక్కడ కూడా 4.1 దగ్గర అర మీటరు నల్లబంక వచ్చింది. పని ఆపి ఫోన్ చేశారు. లైనరు అక్కడా దించమన్నాను, పొడవు మార్చే అవసరం రాలేదు. వచ్చే వారం ఒక పైలు మీద పని బరువుకు ఒకటిన్నర రెట్లు పెట్టే రొటీన్ లోడ్ టెస్ట్ ఉంది, దానికి వెనక వరసలోదే ఎంచుకున్నాను. ఆ రీడింగులు వచ్చాక ఇక్కడ రాస్తాను.